బాక్సులో ఆరు వాక్యాలు: డెంగీ వ్యాసం పని డైరీ

సోమవారం

వ్యాసం పూర్తయింది. డెంగీ మీద ఎనిమిది పేజీలు, దాదాపు మూడు వేల రెండు వందల మాటలు. మాకు వైద్య విషయాలు సరిచూసిపెట్టే డాక్టరుగారితో కూచుని రెండు నెలలు రాశాను. వానాకాలం సంచికకు ఇదే ముఖ్య వ్యాసం. ఇక మిగిలింది మొదటి పేజీలో హెడ్డింగ్ కింద వచ్చే బాక్స్ ఒక్కటే. మా డెస్క్‌లో దాన్ని 'ముఖ్యాంశాలు' అంటాం. ఇన్నాళ్ళూ అదొక పని అని ఎవరూ అనుకోలేదు. పేజీలు పెట్టేటప్పుడు ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు పావుగంటలో రాసిపడేసేవాళ్ళు.

నేనూ పావుగంటలోనే రాశాను. ఇదీ ఆ మొదటి ప్రతి:

• డెంగీ దోమకాటు వల్ల వచ్చే వైరల్ జ్వరం.
• డెంగీలోని దశలను తెలుసుకోవడం చాలా ముఖ్యం.
• ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో వ్యాసంలో వివరించాం.
• ప్లేట్‌లెట్ల మీద ఉన్న అపోహలు తొలగించుకోవాలి.
• తగిన జాగ్రత్తలతో డెంగీని నివారించవచ్చు.

టీ తాగొచ్చి మళ్ళీ చదివితే సిగ్గేసింది. దశలు తెలుసుకోవడం ముఖ్యం అన్నాను గానీ ఆ దశలేమిటో చెప్పలేదు. అపోహలున్నాయన్నాను, ఏ అపోహో చెప్పలేదు. ఇది విషయసూచికే, కాకపోతే క్రియాపదాలు తగిలించాను. ఇది చదివినవాడికి చదవక ముందు తెలిసినదానికంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు.

ఎడిటర్‌గారికి చూపిస్తే ఆయనకి నచ్చింది. ఎందుకు నచ్చిందో కూడా చెప్పారు: "అంతా పైనే చెప్పేస్తే కింద ఎనిమిది పేజీలు ఎవరు చదువుతారయ్యా?" ఆ భయం డెస్క్‌లో చాలామందికి ఉంది. కథకైతే సరే, ముగింపు ముందే చెప్పకూడదు. కానీ ఇంట్లో మూడో రోజు జ్వరంతో పిల్లాడు పడుకుని ఉంటే, రాత్రి పదకొండింటికి ఈ పేజీ తిప్పిన తల్లి ఉత్కంఠ కోసం చదవదు. ఆమెకి కావలసింది ఈ రాత్రి ఏం చేయాలన్నది. అది దొరికాక నిదానంగా కింది పేజీలూ చదువుతుంది, లేదా చదవదు. చదవకపోయినా మనకి నష్టం లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుచేశాను. పోయినేడు షుగర్ మీద వేసిన వ్యాసం నాలుగు నెలల తర్వాత మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకే తిరిగొచ్చింది. వ్యాసం కాదు, బాక్స్ ఒక్కటే. ఎవరో ఫోటో తీసి, అంచులు కత్తిరించి పంపారు. అంటే మేం 'పైన పెట్టే చిన్న ముక్క' అనుకున్నదే విడిగా ఊరేగుతోంది, అసలు వ్యాసం షెల్ఫులో ఉంది. ఎడిటర్‌గారు కాసేపు ఆలోచించి, "శనివారం దాకా టైముంది, చూడు" అన్నారు.

మంగళవారం

ఈసారి బాక్స్ రాయడం మానేసి, వ్యాసం ప్రింటు తీసి పెన్సిల్ పట్టుకున్నాను. ప్రతి ఉపశీర్షిక కింద, ఆ భాగమంతా దేనికోసం రాశామో ఆ ఒక్క వాక్యం కింద గీత గీశాను. కొన్ని చోట్ల అలాంటి వాక్యమే లేదు. అక్కడ మార్జిన్‌లో నేనే రాయాల్సి వచ్చింది, అది వ్యాసంలోని లోపమే గనక తర్వాత లోపలా చేర్చాను. అన్నీ కలిపి ఇరవై మూడు వాక్యాలు తేలాయి.

ఇరవై మూడిట్లో ఐదారు ఏరడం ఎలా? మొదట 'ముఖ్యమైనవి' ఏరబోయాను. కుదరలేదు, రాసినవాడికి అన్నీ ముఖ్యమే. అప్పుడు ప్రశ్న మార్చాను: ఆ తల్లి ఇవాళ రాత్రి తేల్చుకోవాల్సినవి ఏమిటి? జ్వరానికి ఏ మందు వేయాలి. పరీక్ష చేయించాలా, ఏది. ఆస్పత్రికి ఎప్పుడు పరిగెత్తాలి. రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకె చూసి ఏమనుకోవాలి. ఇంట్లో మిగతావాళ్ళకి రాకుండా నీళ్ళ సంగతి ఏం చేయాలి. ఈ ఐదింటికీ పనికొచ్చే వాక్యాలు తొమ్మిదే మిగిలాయి.

పోయినవాటిలో నాకు ఇష్టమైనవి ఉన్నాయి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయన్నది పోయింది. రోనాల్డ్ రాస్ కూడా పోయాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడాయన. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు (పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు, క్వారంటైన్ నుంచి వచ్చిన మాట). హైదరాబాదీ పాఠకుడికి ఇంతకంటే మంచి ముక్క ఏముంటుంది? కానీ అది మలేరియా సంగతి. డెంగీ బాక్సులో పెడితే రెండు జబ్బుల్నీ ఒకటే అనుకునేవాళ్ళు తయారవుతారు. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, డెంగీ దోమ పగలు. రాస్‌ని ఏడో పేజీలోనే ఉంచాను.

వరస కూడా మార్చాను. వ్యాసం దోమతో మొదలై, జ్వరం, పరీక్ష, చికిత్స మీదుగా నివారణ దగ్గర ముగుస్తుంది. చదువుకోవడానికి ఆ వరస బాగుంటుంది. బాక్సుకి పనికిరాదు. అక్కడ, తప్పు చేస్తే ఎక్కువ నష్టం దేనివల్లో అది ముందుండాలి. కాబట్టి ఆరో పేజీలో ఉన్న ప్రమాద సంకేతాలు పైకి వచ్చాయి, మొదటి పేజీలో ఉన్న దోమ అడుగుకి పోయింది.

బుధవారం

ఇవాళంతా ఒక్క వాక్యం దగ్గరే గడిచింది.

వ్యాసంలో ప్లేట్‌లెట్ల మీద మూడు పేరాలున్నాయి. అందులోంచి బాక్సుకి ఇలా తీశాను: "ప్లేట్‌లెట్లు 10,000 కంటే తగ్గితేనే ఎక్కించాలి." పొట్టిగా ఉంది, అంకె ఉంది, అందరూ అడిగే సంగతి. డాక్టరుగారికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశారు.

"ఇది కింద ఉన్నప్పుడు నిజం. పైకి తెచ్చాక కాదు" అన్నారు.

కింద ఏముందో మళ్ళీ చదివాను. రక్తస్రావం లేని రోగికి, ముందుజాగ్రత్త కోసమని, 10,000 కంటే పైన ఉన్నప్పుడు మామూలుగా ఎక్కించరు అని ఉంది. రక్తస్రావం ఉంటే లెక్క వేరు, అప్పుడు అంకె ఎంతున్నా డాక్టరు మనిషిని చూసి నిర్ణయిస్తాడు. అంటే ఆ వాక్యం 'రక్తస్రావం లేకపోతే' అన్న షరతు మీద నిలబడి ఉంది. నేను షరతుని కింద వదిలేసి అంకెని మాత్రం పైకి తెచ్చాను.

"మీ పాఠకుడు దాన్ని ఎలా చదువుతాడో చెప్పనా?" అన్నారాయన. "రిపోర్టులో 40,000 ఉంటుంది. ఇంకా పదివేలకు చాలా దూరముంది, రేపు చూద్దాం అనుకుంటాడు. డెంగీలో చాలాసార్లు మనిషిని ముంచేది ప్లేట్‌లెట్లు కాదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. ప్లేట్‌లెట్లు మరీ పడిపోకుండానే షాక్‌లోకి వెళ్ళేవాళ్ళుంటారు."

సరే, షరతు కూడా పైకి తెద్దామని చూశాను. "రక్తస్రావం లేనప్పుడు, ఇతర ప్రమాద సంకేతాలేవీ లేనప్పుడు, డాక్టరు పర్యవేక్షణలో ఉన్న రోగికి..." అలా పోయి పోయి నాలుగు లైన్లయింది. బాక్సులో అంత పొడుగు వాక్యం ఉంటే కళ్ళు నేరుగా అంకె మీదికి దూకుతాయి. షరతు పెట్టినా పెట్టనట్టే.

ఇంకోలా చూశాను: "ప్లేట్‌లెట్లు తగ్గాయని కంగారుపడొద్దు." ఇది మరీ ప్రమాదం. హడలిపోయి ప్లేట్‌లెట్ల కోసం ఊరంతా ఫోన్లు చేసేవాడికి ఇది మందే. కానీ అసలే నిర్లక్ష్యంగా ఉన్నవాడికి ఇది అనుమతి పత్రం. ఒకే బాక్స్‌ని ఇద్దరూ చదువుతారు.

సాయంత్రానికి తేలింది ఇది: "ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడొద్దు, హడలిపోవద్దు. ఎక్కించాలా వద్దా అన్నది రక్తస్రావాన్ని, బీపీని కూడా చూసి డాక్టరు చెప్పాలి." అంకె పోయింది. నాకు కొంచెం వెలితిగానే ఉంది, ఎందుకంటే బాక్సులో అంకె ఉంటే గట్టిగా కనిపిస్తుంది. కానీ పదివేలు అన్నది కిందే ఉండాలి, దాని షరతు పక్కన.

ఈ దెబ్బతో మిగతా అంకెలన్నీ ఇదే జల్లెడలో పోశాను. 'జ్వరం దిగాక రెండు రోజులు' అన్నది నిలిచింది, విడిగా చదివినా ఎవరికీ చేటు చేయదు. పిల్లలకి పారాసిటమాల్ డోసు నిలవలేదు. కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని వ్యాసంలో లెక్క ఉంది. కానీ మందుల షాపులో సిరప్ ఒకే గాఢతలో ఉండదు. ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. బాక్సులో చూసి చెంచాతో కొలిస్తే రెట్టింపు పడొచ్చు. డోసు కిందే, పట్టికలో, సీసా మీద ఏం చూడాలో చెప్పిన చోటే ఉంటుంది.

గురువారం

ఇవాళ బాక్స్‌ని మనుషుల మీద పరీక్షించాను. ఒక్క బాక్సే ఉన్న కాగితం ఇచ్చి, చదివాక వెనక్కి తీసేసుకుని, "ఇంట్లో ఎవరికన్నా జ్వరమొస్తే ఏం చేస్తారు?" అని అడిగాను. "అర్థమైందా?" అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్నకి అందరూ అర్థమైందనే అంటారు.

రామ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ వైపు. నిదానంగా, వేలు పెట్టి చదివాడు. మొదటి వాక్యం అప్పటికి ఇలా ఉంది: "జ్వరం తగ్గిన తర్వాతి 24–48 గంటలు కీలకం."

"జరం తగ్గినంక మంచిగ రెస్ట్ తీస్కోవాలె సార్" అన్నాడు.

"దవాఖానకు?"

"జరం తగ్గినంక దవాఖాన దేనికి సార్?"

నేను చెప్పదలచుకున్నదానికి సరిగ్గా తలకిందులు. తప్పు అతనిది కాదు. 'కీలకం' అన్న మాట పేపర్లలో రోజుకి యాభైసార్లు కనిపిస్తుంది. కీలక సమావేశం, కీలక వ్యాఖ్యలు, కీలక నిందితుడు. ఆ మాటకి ఇక బరువు లేదు. పైగా దేనికి కీలకమో నేను చెప్పలేదు. అక్కడే వెనక తిప్పి రాశాను: "డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగుతున్నప్పుడే వస్తుంది. జ్వరం దిగాక రెండు రోజులు మనిషిని కనిపెట్టుకుని ఉండండి." మళ్ళీ చూపించాను. "అంటే జరం పోయినా భయమున్నట్టే గద సార్" అన్నాడు. చాలు.

రెండోది మా వదిన. ఆవిడ బాక్స్ చదివి నేరుగా మందు దగ్గరికే వచ్చింది. "నొప్పి మాత్రలు వేసుకోవద్దు అని రాశావ్. పారాసిటమాల్ నొప్పి మాత్ర కాదా? తలనొప్పికి మేం వేసుకునేది అదే కదా?" నిజమే. నేను డాక్టర్ల భాషలో ఒక జాతి పేరు రాశాను. ఇళ్ళలో ఆ జాతిలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. పేర్లే రాయాలి: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్.

పేర్లు రాశాక ఆవిడ లేచి మందుల డబ్బా తెచ్చింది. అందులో ఒక అట్ట. వెనక చిన్న అక్షరాల్లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. "ఇందులో నువ్వు వేసుకోమన్నదీ ఉంది, వద్దన్నదీ ఉంది. ఏం చేయను మరి?" అంది. ఇలా రెండు కలిపిన మాత్రలు మన దగ్గర బోలెడు. బాక్స్ చదివి, అట్ట మీద పారాసిటమాల్ అన్న మాట చూసి, నిశ్చింతగా వేసేసేవాళ్ళుంటారు. వ్యాసంలో కూడా ఈ సంగతి లేదు. వదిన డబ్బా పుణ్యమా అని ముందు నాలుగో పేజీలో ఒక పేరా చేరింది, తర్వాత బాక్సులో ఒక వాక్యం.

సాయంత్రం ఆ కొత్త లైను డాక్టరుగారికి చదివి వినిపిస్తే ఇంకోటి పట్టుకున్నారు. "ఆస్పిరిన్ వద్దు అని ఊరికే రాయకండి. స్టెంట్ వేయించుకుని రోజూ ఆస్పిరిన్ మింగే పెద్దాయన మీ బాక్స్ చూసి ఇవాళ్టి నుంచే ఆపేస్తాడు." ఇది నా బుర్రకి తట్టనే తట్టలేదు. నేను జ్వరానికి వేసుకునే మాత్ర గురించి రాస్తున్నాను. ఆయనకి అది రోజువారీ మందు. 'జ్వరానికి' అన్న మాట ముందు చేర్చాను. రోజూ వేసుకునేవాళ్ళు తమంతట తాము ఆపొద్దు అని కూడా చేర్చాను.

నిన్న ప్లేట్‌లెట్ల షరతుని బాక్సులోంచి తీసేసినవాణ్ణి ఇవాళ ఆస్పిరిన్ షరతుని ఎలా చేర్చానని ఎడిటర్‌గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్లేట్‌లెట్ల దగ్గర షరతు పెట్టాల్సింది అంకె కోసం, అంకెని తీసేస్తే షరతు అవసరమూ పోయింది. ఇక్కడ ఆస్పిరిన్ పేరు తీసేయలేను, తీసేస్తే వాక్యానికి అర్థమే లేదు. షరతు కూడా ఒక్క చిన్న వాక్యంలో ఇమిడింది. పైగా గుండెకి మాత్ర వేసుకునే మనిషి లేని అపార్ట్‌మెంట్ ఈ ఊళ్ళో ఎక్కడుంది?

నీళ్ళ వాక్యాన్ని పడగొట్టింది కూడా వదినే. "ఇంట్లో నీళ్ళు నిల్వ ఉంచొద్దు" అని రాశాను. ఆవిడ నవ్వింది. "మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు. డ్రమ్ము నింపుకోకపోతే రెండో రోజు ఏం తాగమంటావు?" ఎక్కడో పుస్తకంలో ఉన్న సలహాని తెచ్చి హైదరాబాద్ వంటింట్లో పెడితే ఇలాగే ఉంటుంది. పాటించలేని సలహా బాక్సులో ఒకటున్నా, పక్కనున్న మిగతా ఐదూ పలచబడతాయి. కొత్త వాక్యం: డ్రమ్ముకి మూత, వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు రుద్ది కడగడం. రుద్దడం ఎందుకంటే ఈ దోమ గుడ్లు నీటి అంచు దగ్గర గోడకి అంటుకుని ఉంటాయి. నీళ్ళు పారబోస్తే పోవు, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. వారం ఎందుకంటే గుడ్డు దోమ కావడానికి మామూలుగా వారం పది రోజులు పడుతుంది. ఈ 'ఎందుకంటే'లు రెండూ వ్యాసంలోనే ఉన్నాయి. బాక్సులోకి 'రుద్ది' అన్న మాట ఒక్కటి వస్తే చాలు.

శుక్రవారం

బాక్స్ ఒక చేతిలో, వ్యాసం ఒక చేతిలో పెట్టుకుని మాట మాటకీ సరిచూశాను. ఇది ఊరికే చాదస్తం కాదు. 1999లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఆరు వైద్య పత్రికల నుంచి తలా 44 వ్యాసాలు తీసి, పైనున్న సారాంశంలోని లెక్కలు లోపలి వ్యాసంతో కలుస్తున్నాయా అని చూశారు. లోపల లేని లెక్కో, లోపలి దానితో కలవని లెక్కో ఉన్న సారాంశాలు ఒక్కో పత్రికలో 18 నుంచి 68 శాతం దాకా తేలాయి. అంతంత పెద్ద పత్రికల గతే అదైతే, మా నలుగురి డెస్క్ ఎంత!

మూడు దొరికాయి.

ఒకటి, మూత్రం. బాక్సులో 'ఆరు గంటలుగా' అని ఉంది, వ్యాసంలో '4–6 గంటలు' అని ఉంది. రెండూ తప్పు కాదు గానీ, చదివేవాడికి నాలుగా, ఆరా? డాక్టరుగారిని అడిగితే, నాలుగు దాటితే గమనించండి, ఆరయ్యేదాకా ఆగకుండా బయల్దేరండి అన్నారు. ఆ మాటనే ముందు లోపల రాశాం. బాక్సులో మాత్రం ఒకటే అంకె ఉండాలి గనక 'ఐదారు గంటలుగా' అన్న సాగదీత కూడా వద్దనుకుని, ఐదు అని పెట్టాం. లోపలి పేరాలోనూ ఐదే ఉండేలా దిద్దాం. బాక్స్ రాయడంవల్ల వ్యాసం మారడం ఈ వారంలో ఇది నాలుగోసారి.

రెండు, చేతులూ కాళ్ళూ చల్లబడటం. బాక్సులో సంకేతాల వరసలో ఉంది. వ్యాసంలో ఆ జాబితాలో లేదు, షాక్ గురించి చెప్పిన పేరాలో ఉంది. జాబితాలో చేర్చాం.

మూడోది నేనే చేసిన తప్పు. పరీక్షల వాక్యం చివర "నెగటివ్ వచ్చినా పై లక్షణాలుంటే ఆగొద్దు" అని రాశాను. ఆ ఒక్క వాక్యాన్నే ఎవరైనా కత్తిరించి పంపితే 'పై' అంటే ఏమిటి? బాక్సులో ఒక వాక్యం ఇంకో వాక్యం భుజం మీద చెయ్యి వేయకూడదు. 'పైన చెప్పినట్టు', 'అలాగే', 'దీనివల్ల' అన్నీ వెతికి తీసేశాను.

తర్వాత పేజీ పెట్టే కుర్రాడితో గొడవ. బాక్స్ ఎత్తు సరిపోలేదని లైన్ల మధ్య జాగా నొక్కేశాడు. ఇంగ్లిష్‌కైతే చెల్లుతుంది. తెలుగులో పై లైను వత్తులు కింది లైను గుడుల్లోకి దిగిపోయి 'ఐబుప్రోఫెన్' అన్న మాట చీమల బారులా తయారైంది. ముదురు ఎరుపు మీద తెల్ల అక్షరాలు కూడా అతని ఆలోచనే. సన్నగీతలు ప్రింటులో పూడుకుపోతాయి, ఫోటో తీస్తే అసలు కనబడవు. లేత పసుపు మీద నలుపు, జాగా మామూలుగానే. చోటు కోసం పక్కనున్న దోమ బొమ్మని సగం చేశాం. అతను ఇంకా అలిగే ఉన్నాడు.

శనివారం

పేజీలు ప్రెస్‌కి వెళ్ళాయి. వెళ్ళిన బాక్స్ ఇది.

జ్వరం ఉన్న ఇంట్లో ముందు ఇది చదవండి

• డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగుతున్నప్పుడే వస్తుంది. జ్వరం దిగాక రెండు రోజులు మనిషిని కనిపెట్టుకుని ఉండండి.

• కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచో చిగుళ్ళ నుంచో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, స్థిమితం లేకపోవడం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఐదు గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్ళండి.

• జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. అట్ట మీద పారాసిటమాల్ పక్కన ఇంకో మందు పేరుంటే ఆ మాత్రా వద్దు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు తమంతట తాము ఆపకుండా డాక్టర్ని అడగండి.

• జ్వరం మొదలైన 5 రోజుల్లోపు ఎన్‌ఎస్1 పరీక్ష, తర్వాతైతే ఐజీఎం. నెగటివ్ వచ్చినా డెంగీ లేదని తేలిపోయినట్టు కాదు. మనిషి నీరసిస్తుంటే మళ్ళీ డాక్టరుకి చూపించండి.

• ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడొద్దు, హడలిపోవద్దు. ఎక్కించాలా వద్దా అన్నది రక్తస్రావాన్ని, బీపీని కూడా చూసి డాక్టరు చెప్పాలి.

• నీళ్ళ డ్రమ్ములకి మూత పెట్టండి. వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు రుద్ది కడగండి.

అడుగున చిన్న అక్షరాల్లో పత్రిక పేరు, నెల, సంవత్సరం, పిల్లల డోసు ఏ పేజీలో ఉందో. నెల బాక్స్ లోపలే ఎందుకంటే, ఫోటో రెండేళ్ళ తర్వాత తిరిగినా అది ఎప్పటి మాటో తెలియాలి. వైద్యంలో సలహాలు మారుతుంటాయి.

'ముఖ్యాంశాలు' అన్న పాత పేరు పోవడం ఎడిటర్‌గారికి ఇష్టం లేదు. ప్రతి వ్యాసానికీ ఒకటే పేరుండాలంటారు. డెంగీ వ్యాసం వరకూ ఒప్పుకున్నారు, ఆస్తి రిజిస్ట్రేషన్ వ్యాసానికి మళ్ళీ వాదించుకోవాలి.

బొప్పాయి ఆకు సంగతి మాత్రం తేలలేదు. దానిమీద పాఠకులు ఉత్తరాలు రాస్తారు, ఫోన్లు చేస్తారు, బాక్సులో ఉండాల్సిందే అని డాక్టరుగారి వాదన. చిన్న చిన్న పరిశోధనల్లో ప్లేట్‌లెట్లు కొంత పెరిగినట్టు కనిపించినా, అది మనిషిని కాపాడుతుందనడానికి గట్టి రుజువు లేదు అని వ్యాసంలో రాశాం. దాన్ని ఒక లైనుకి కుదిస్తే 'పెరుగుతాయట' అని సగంమంది, 'పనికిరాదట' అని సగంమంది చదువుకుంటారు. అందుకని ఆరో పేజీలోనే వదిలేశాను. పొద్దున వాచ్‌మన్‌కి ఫైనల్ ప్రింటు ఇస్తే మొత్తం చదివి, కాగితం తిరగేసి వెనక కూడా చూశాడు.

"బొప్పాయాకు గురించి ఏం రాయలే సార్?" అన్నాడు.